అప్‌లోడ్ మొదలవగానే కాల్ ఎందుకు తెగుతుంది: బఫర్‌బ్లోట్‌ని కొలవడం, ఎస్‌క్యూఎంతో సరిచేయడం

ప్రశ్న: ఇంట్లో 100/20 కనెక్షన్ ఉంది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 18.8, పింగ్ 14 వస్తున్నాయి. కానీ ఎవరిదో ఒకరి ఫోన్‌లో వీడియోలు క్లౌడ్‌కి బ్యాకప్ అవడం మొదలవగానే నా వీడియో కాల్‌లో మాటలు తెగిపోతాయి, పేజీలు కూడా తెరుచుకోవు. రూటర్‌లో కాల్స్‌కి ప్రయారిటీ ఇచ్చి చూశాను, ఏం మారలేదు. ప్లాన్ పెంచుకోవాలా?

జవాబు:

ప్లాన్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ముందు పది నిమిషాలు పెట్టి ఒక కొలత తీయండి. ఒక కంప్యూటర్‌ని కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి. వైఫై మీద కొలిస్తే దాని ఆలస్యం కూడా కలిసిపోయి తప్పు ఎక్కడుందో తేలదు. తర్వాత ఒక విండోలో ఇది నడపండి. విండోస్ అయితే `ping` తర్వాత `-t` చేర్చండి, లేకపోతే నాలుగు సార్లకే ఆగిపోతుంది.

```
ping 1.1.1.1
```

అర నిమిషం పాటు ఏమీ చేయకుండా వచ్చే అంకెలు చూడండి. తర్వాత పింగ్ నడుస్తుండగానే ఒక పెద్ద ఫైల్‌ని క్లౌడ్‌కి అప్‌లోడ్ చేయండి. ఒక గిగాబైట్ ఫైల్ 20 ఎంబీపీఎస్ మీద వెళ్ళడానికి దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది, కాబట్టి చూడడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. కనీసం ఒక నిమిషం చూడాలి. కొన్ని లైన్లు మొదటి కొన్ని సెకన్లు ఎక్కువ వేగం ఇచ్చి తర్వాత తగ్గిస్తాయి, ఆ మొదటి సెకన్లను చూసి నిర్ణయానికి వస్తే మోసపోతాం.

మా చెల్లెలి ఇంట్లో సరిగ్గా ఇలాంటి లైనే ఉంది, అదీ 100/20. తను ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. పిల్లల ఫోన్లు ఇంటికి రాగానే బ్యాకప్ మొదలుపెట్టేవి, అప్పుడు క్లాసులో తన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఆ టెన్షన్‌తో తను క్లాసు టైముకి అందరి ఫోన్లూ ఆఫ్ చేయించేది. అక్కడ నేను తీసిన అంకెలతోనే చెబుతాను, మీవి కూడా వీటికి దగ్గరగానే ఉంటాయి. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 14 మిల్లీసెకన్లు. అప్‌లోడ్ మొదలైన మూడు నాలుగు సెకన్లలో 610 దగ్గరికి ఎక్కి అక్కడే నిలబడింది. అప్‌లోడ్ ఆపగానే ఒకటి రెండు సెకన్లలో మళ్ళీ 14కి దిగింది. లోడ్‌తో పాటు ఎక్కడం, లోడ్‌తో పాటు దిగడం, ఇదే బఫర్‌బ్లోట్ గుర్తు. పంపాల్సిన డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, వంతు కోసం ఆగే చోటు బఫర్. అది మరీ పెద్దదై క్యూ పేరుకుపోవడమే బఫర్‌బ్లోట్. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా పింగ్ ఎగుడుదిగుడుగా ఉన్నా, మధ్యమధ్యలో ప్యాకెట్లు పోతున్నా అది వేరే జబ్బు. కేబుల్, సిగ్నల్, ప్రొవైడర్ వైపు లోపం, ఏదైనా కావచ్చు. దాన్ని కింద చెప్పబోయేది బాగుచేయదు.

మీ స్పీడ్ టెస్ట్ చూపించిన 14 తప్పేం కాదు. చాలా టెస్టులు లైన్ మీద లోడ్ పడకముందే పింగ్ కొలిచేసి ఆ అంకెనే పెద్దగా చూపిస్తాయి. కాల్ తెగేది మాత్రం లోడ్ పడ్డాక.

ఇప్పుడు ఆ 600 మిల్లీసెకన్లు ఎక్కడ ఖర్చవుతున్నాయో లెక్క వేద్దాం. సెకనుకు 20 మెగాబిట్లు వెళ్ళే లైన్‌లో 0.6 సెకను అంటే 12 మెగాబిట్లు, అంటే 1.5 మెగాబైట్లు. పూర్తి సైజు ప్యాకెట్ 1500 బైట్లు కాబట్టి, మీ కాల్ ప్యాకెట్ ముందు వెయ్యి ప్యాకెట్లు క్యూలో నిలబడి ఉన్నాయన్నమాట. రూటర్లలో, మోడెమ్‌లలో విరివిగా వాడే లినక్స్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ క్యూకి చాలాకాలం డిఫాల్ట్ పొడవు కూడా వెయ్యి ప్యాకెట్లే. నిజానికి ఈ లైన్ నిండుగా నడవడానికి ఎంత బఫర్ చాలు? వేగాన్ని వెళ్ళివచ్చే సమయంతో గుణిస్తే తెలుస్తుంది. 20 ఎంబీపీఎస్‌ని 14 మిల్లీసెకన్లతో గుణిస్తే 35 కిలోబైట్లు, సుమారు 23 ప్యాకెట్లు. దూరంగా ఉన్న సర్వర్లకు ఇంకొంచెం కావాలి, అయినా వెయ్యి ఎక్కడ, ఇరవై మూడు ఎక్కడ.

ఫైళ్ళు ఎంత వేగంతో పంపాలో చూసుకునే పద్ధతి టీసీపీ. క్యూ అంత నిండేదాకా అది ఎందుకు ఆగదంటే, పాత పద్ధతి టీసీపీలకు దారి నిండిందని తెలిసే మార్గం ప్యాకెట్ పోవడమొక్కటే. ఏదీ పోనంతసేపూ అది వేగం పెంచుకుంటూ పోతుంది. బఫర్ పెద్దదైతే నష్టం కనబడడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు క్యూ అంచుదాకా నిండిపోతుంది. ఒక ప్యాకెట్ పోగానే అది కొంచెం వెనక్కి తగ్గుతుంది, క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేలోపే మళ్ళీ నింపుతుంది. మెమొరీ చవకైన కొద్దీ, ప్యాకెట్ పోవడమంటే తప్పు అనుకుని తయారీదారులు బఫర్లు పెంచుకుంటూ పోయారు. 2010లో జిమ్ గెటిస్ అనే ప్రోగ్రామర్ తన ఇంటి కనెక్షన్‌లో ఇదే చూసి, కారణం తవ్వి తీసి, దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

పేజీలు తెరుచుకోకపోవడానికి కూడా ఇదే క్యూ కారణం. సైట్ పేరుకి అడ్రస్ అడిగే డీఎన్ఎస్ ప్రశ్న ఆ క్యూలో ఒకసారి నిలబడాలి. తర్వాత కనెక్షన్ కలపడానికి ఒకసారి, ఆ పైన ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకోవడానికి ఇంకోసారి. పేజీలో మొదటి అక్షరం రాకముందే దాదాపు రెండు సెకన్లు పోతాయి, ఆ పేజీ పది చోట్ల నుంచి ముక్కలు తెచ్చుకునేదైతే చెప్పక్కర్లేదు. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా నత్తనడక నడిచేది ఇందుకే. డౌన్‌లోడ్ అయిన ప్రతి భాగానికీ మన వైపు నుంచి వెళ్ళాల్సిన రసీదులు కూడా అదే అప్‌లోడ్ క్యూలో ఇరుక్కుంటాయి.

మీరు పెట్టిన ప్రయారిటీ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చెబుతాను. ఈ విషయం అర్థమైతే మిగతాదంతా సులువు. మీ రూటర్ నుంచి మోడెమ్‌కి ఉన్న కేబుల్ సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది. మోడెమ్ నుంచి బయటికి వెళ్ళేది 20 మెగాబిట్లే. రూటర్ తన దగ్గరికి వచ్చింది వచ్చినట్టే మోడెమ్‌లోకి తోసేస్తుంది, దాని దగ్గర క్యూ ఎప్పుడూ ఖాళీయే. ఖాళీ క్యూలో ఎవరిని ముందు పంపినా తేడా ఏముంటుంది? అసలు క్యూ మోడెమ్ లోపల ఉంది, అక్కడ మీ ప్రయారిటీ సెట్టింగ్‌కి చోటే లేదు. మోడెమ్ వచ్చిన వరుసలోనే పంపుతుంది. ప్లాన్ పెంచినా కథ పెద్దగా మారదు. అప్‌లోడ్ 40 చేసుకుంటే అదే వెయ్యి ప్యాకెట్ల క్యూ 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కాల్ అప్పుడూ తెగుతుంది.

కాబట్టి మొదట చేయాల్సింది, క్యూని మోడెమ్ లోపలి నుంచి మన రూటర్‌లోకి లాక్కోవడం. లైన్ అసలు వేగం కంటే కొంచెం తక్కువ వేగంతో రూటరే బయటికి పంపితే మోడెమ్‌లో ఎప్పుడూ పోగుపడదు. పోగుపడేది రూటర్‌లో, అంటే మన చేతిలో. దీన్ని షేపింగ్ అంటారు. ఎస్‌క్యూఎం, అంటే స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, ఈ షేపింగ్‌తో పాటు ఇంకో రెండు పనులు కలిపి చేస్తుంది.

ఒకటి, ఒకే క్యూ బదులు ప్రతి సంభాషణకూ విడి క్యూ ఇవ్వడం. ప్యాకెట్‌లోని అడ్రస్‌లు, పోర్టులు చూసి దాన్ని 1024 క్యూలలో ఒకదానికి పంపుతుంది, ఆ తర్వాత ఒక్కో క్యూ నుంచి వంతులవారీగా తీస్తుంది. బ్యాకప్ క్యూలో ఎప్పుడూ గుట్టగా ప్యాకెట్లుంటాయి. కాల్ ప్యాకెట్లు చిన్నవి, విడివిడిగా వస్తాయి కాబట్టి దాని క్యూ దాదాపు ఖాళీగానే ఉంటుంది. అలా ఖాళీ క్యూలోకి కొత్తగా వచ్చిన ప్యాకెట్‌ని ముందు పంపడం ఈ పద్ధతి నియమం. ఏది కాల్, ఏది బ్యాకప్ అని ఎవరూ జాబితా రాసివ్వక్కర్లేదు. డీఎన్ఎస్ ప్రశ్నలకూ ఇదే మర్యాద దక్కుతుంది. 18.5 ఎంబీపీఎస్ దగ్గర ఒక పెద్ద ప్యాకెట్ వెనక ఆగాల్సి వచ్చినా పోయేది 0.65 మిల్లీసెకన్లే.

రెండోది, గుట్టగా పెరిగే క్యూని పొట్టిగా ఉంచడం. ఇది కోడెల్ పని. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ప్రచురించిన పద్ధతి ఇది. క్యూ ఎంత పొడవుందో అది చూడదు, ప్యాకెట్ లోపల ఎంతసేపు ఆగిందో చూస్తుంది. క్షణకాలం వచ్చే రద్దీని వదిలేస్తుంది. కానీ 100 మిల్లీసెకన్ల పాటు ఒక్కసారి కూడా ఆ ఆగే సమయం 5 మిల్లీసెకన్ల కిందికి రాకపోతే, ఇది తాత్కాలిక రద్దీ కాదు, పేరుకుపోయిన క్యూ అని తేల్చి ఒక ప్యాకెట్‌ని పారేస్తుంది, లేదా ఒప్పుకునే కనెక్షన్ అయితే దానిమీద గుర్తు వేస్తుంది. పంపేవాడు తగ్గకపోతే ఇంకొంచెం త్వరగా ఇంకొకటి. టీసీపీకి తగ్గమనే కబురు నిండిన తర్వాత కాకుండా ముందే అందుతుంది. ఈ రెండూ కలిసినదే `fq_codel`. దానికి షేపర్‌ని కూడా కలిపి ఒకే ముక్కగా చేసినది `cake`, లినక్స్ 4.19 నుంచి కెర్నెల్‌లోనే ఉంది. ఇంటి లైన్‌కి నేను `cake` నే పెడతాను.

ఇక పెట్టుకునే పద్ధతి. మీ రూటర్‌లో ఎస్‌క్యూఎం ముందే ఉందేమో చూడండి. సెట్టింగ్‌లో `fq_codel` లేదా `cake` అని స్పష్టంగా రాసి ఉంటేనే నమ్మండి. ఉత్త క్యూఓఎస్ అని రాసి గేమింగ్, స్ట్రీమింగ్ బొమ్మలు చూపించేవి చాలావరకు మీరు ప్రయత్నించిన ప్రయారిటీ లాంటివే. లేకపోతే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ వేయగల రూటర్ తీసుకోవడం నా సలహా, కింద దాని లెక్కలోనే చెబుతున్నాను. ప్రొవైడర్ ఇచ్చిన పెట్టెని మార్చే పని లేదు. దాని వెనక మీ రూటర్ పెట్టండి, కాకపోతే ఇంట్లోని ప్రతి పరికరమూ మీ రూటర్ గుండానే వెళ్ళాలి. ప్రొవైడర్ పెట్టెలోని వైఫై ఆపేయండి. ఒక్క ఫోన్ దానికి నేరుగా కలిసి బ్యాకప్ మొదలుపెట్టినా ఆ ట్రాఫిక్ మీ రూటర్ లెక్కలోకి రాదు, మోడెమ్‌లో క్యూ మళ్ళీ మొదలవుతుంది. మా చెల్లెలింట్లో మొదటిరోజు జరిగింది అదే. అన్నీ సరిగ్గా పెట్టాక కూడా సాయంత్రం పింగ్ ఎక్కితే, వెతగ్గా వెతగ్గా పాత వైఫై పేరుని గుర్తుపెట్టుకున్న ఒక టాబ్లెట్ దొరికింది.

రూటర్‌లోకి `ssh` తో లాగిన్ అయ్యి ప్యాకేజీ వేయండి. కొత్త వెర్షన్లలో `opkg` పోయి `apk` వచ్చింది, అక్కడ `apk update`, `apk add luci-app-sqm` అని కొట్టాలి.

```
opkg update
opkg install luci-app-sqm
ifstatus wan | grep l3_device
```

చివరి లైను, బయటికి వెళ్ళే ఇంటర్‌ఫేస్ అసలు పేరు చెబుతుంది. అది `wan` కావచ్చు, `eth1` కావచ్చు, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్ అయితే `pppoe-wan` కావచ్చు. ఆ పేరే కింద `interface` దగ్గర పెట్టాలి. ఇప్పుడు `/etc/config/sqm` ఫైల్‌లో ఉన్నది తీసేసి ఇది రాయండి.

```
config queue 'wan'
	option enabled '1'
	option interface 'wan'
	option download '85000'
	option upload '17000'
	option qdisc 'cake'
	option script 'piece_of_cake.qos'
	option linklayer 'ethernet'
	option overhead '44'
```

అంకెలు కిలోబిట్లలో ఉంటాయి. 17 ఎంబీపీఎస్ అంటే 17000. ఎవరైనా 17 అని కొట్టి సేవ్ చేస్తే ఇంట్లో నెట్ పూర్తిగా ఆగిపోయినట్టే ఉంటుంది. మొదలుపెట్టడానికి స్పీడ్ టెస్ట్ చూపిన దాంట్లో 90 శాతం మంచి అంకె, 18.8లో అది సుమారు 17. ఆ 44 ఏమిటంటే, ప్రతి ప్యాకెట్‌కీ లైన్ మీద అదనంగా పడే కవరు బరువు. ఇది తక్కువ చెబితే చిన్న ప్యాకెట్లు ఎక్కువున్నప్పుడు, అంటే కాల్స్, గేమ్స్ సమయంలో, లైన్ మన లెక్క కంటే ముందే నిండిపోతుంది. కొంచెం ఎక్కువ చెబితే పోయేది కాస్త వేగమే. అందుకే ఏ లైనో సరిగ్గా తెలియనప్పుడు 44 దగ్గర ఉండడం క్షేమం. పాత ఏడీఎస్ఎల్ లైన్లకు మాత్రం `linklayer` ని `atm` చేయాలి.

సేవ్ చేశాక `/etc/init.d/sqm restart` కొట్టి, మళ్ళీ అదే పరీక్ష: పింగ్ నడుస్తుండగా అప్‌లోడ్. చెల్లెలింట్లో 17000 దగ్గర పింగ్ 15, 16, ఎప్పుడైనా 18. అప్‌లోడ్ పూర్తి వేగంతో నడుస్తూనే ఉంది. 610 నుంచి 16కి రావడం కళ్ళారా చూసినప్పుడు తనకి నమ్మకం కుదరలేదు, పిల్లలతో ఫోన్లన్నీ ఆన్ చేయించి మరీ చూసింది.

ఆ అంకెని అక్కడే వదిలేయొచ్చు, కానీ కొంత వేగం ఊరికే పోతుంది. పైకి ఎంతవరకు వెళ్ళొచ్చో వెతకడం కష్టమేం కాదు. ఐదు వందలు ఐదు వందలుగా పెంచుతూ ప్రతిసారీ పూర్తి నిమిషం చూడాలి.

```
uci set sqm.wan.upload='18500'
uci commit sqm
/etc/init.d/sqm restart
```

అక్కడ 18500, 19000 రెండు చోట్లా పింగ్ 20 దాటలేదు. 19500 దగ్గర మొదటి అర నిమిషం బాగానే ఉంది, ఆ తర్వాత అప్పుడప్పుడు 80కి ఎగిరి దిగింది. 20000 దగ్గర 400 దాటి నిలబడింది. అంటే 19500 దగ్గర నుంచి క్యూ మళ్ళీ మోడెమ్‌లోకి జారుతోంది. నేను 18500 దగ్గర ఆగాను. 19000 కూడా పనిచేసింది కదా అనొచ్చు, కానీ సాయంత్రం రద్దీ వేళల్లో లైన్ వేగం కాస్త పడితే నిలదొక్కుకోవడానికి ఆ మిగులు కావాలి. మీరు కూడా ఒకసారి పగలు, ఒకసారి రద్దీ వేళ కొలిచి, తక్కువ వచ్చిన దాన్ని బట్టి పెట్టుకోండి.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. 18500 పెట్టాక స్పీడ్ టెస్ట్‌లో 17.3 మాత్రమే చూపిస్తుంది, 18.5 రాదు. అది లోపం కాదు. స్పీడ్ టెస్ట్ లెక్కపెట్టేది లోపలి సరుకుని, `cake` లెక్కపెట్టేది కవరుతో సహా. 1448 బైట్ల సరుకుకి కవర్లన్నీ కలిపి 1544 బైట్లు అవుతాయి. 18.5ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 17.3 వస్తుంది. మొదట వచ్చిన 18.8 నుంచి 17.3కి దిగడమే మీరు చెల్లించే మూల్యం. ఏడు నిమిషాల అప్‌లోడ్ ఏడున్నర నిమిషాలు పడుతుంది.

ఒకే పరికరం చాలా కనెక్షన్లు తెరిస్తే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. వంతులు కనెక్షన్ లెక్కన కాబట్టి, ఒక ఫోన్ బ్యాకప్ ఇరవై కనెక్షన్లు తెరిచి, మీరు ఒక్క దాంతో ఫైల్ పంపుతుంటే వాటా అటే వెళుతుంది. ముందు పరికరాల మధ్య సమానంగా పంచి, ఆ తర్వాత కనెక్షన్ల మధ్య పంచమని `cake` కి చెప్పొచ్చు. పై ఫైల్‌కి ఈ నాలుగు లైన్లు కలపండి.

```
	option qdisc_advanced '1'
	option qdisc_really_really_advanced '1'
	option iqdisc_opts 'nat dual-dsthost ingress'
	option eqdisc_opts 'nat dual-srchost'
```

ఇందులో `nat` మరిచిపోకూడదు. బయటికి వెళ్ళేటప్పుడు ఇంట్లోని పరికరాలన్నింటికీ ఒకటే అడ్రస్ ఉంటుంది, ఆ మాట లేకపోతే `cake` కి ఇల్లంతా ఒకే పరికరంలా కనిపిస్తుంది.

అన్నీ పెట్టినా తేడా కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది ఫ్లో ఆఫ్‌లోడింగ్‌ని. వేగం కోసం ప్యాకెట్లను మామూలు దారిలో కాకుండా అడ్డదారిలో పంపే సౌకర్యం అది. ముఖ్యంగా హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు `cake` ని తాకకుండానే వెళ్ళిపోతాయి. ఫైర్‌వాల్ సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ రెండు ఆఫ్‌లోడింగ్‌లూ ఆపేయండి. గుర్తుపట్టడం తేలిక: 17000 పెట్టినా స్పీడ్ టెస్ట్ 18.8 చూపిస్తుంటే ట్రాఫిక్ షేపర్‌ని దాటిపోతున్నట్టే. ఈ కమాండ్‌తో కూడా తెలుస్తుంది, చివర మీ ఇంటర్‌ఫేస్ పేరు పెట్టండి.

```
tc -s qdisc show dev wan
```

అప్‌లోడ్ నడుస్తుండగా దీన్ని రెండుసార్లు కొడితే బైట్ల లెక్క బాగా పెరగాలి. పెరగకపోతే ఆఫ్‌లోడింగ్, లేదా ఇంటర్‌ఫేస్ పేరు తప్పు. `drops` దగ్గర అంకె కనిపిస్తే కంగారు పడకండి, కోడెల్ టీసీపీకి కబురు పంపే మార్గమే అది. `drops`, `marks` రెండూ సున్నా ఉంటేనే ఆలోచించాలి, లైన్ నిండేంత లోడ్ పడలేదని అర్థం.

రెండో అనుమానం రూటర్ ప్రాసెసర్ మీద. షేపింగ్ అంతా ప్రాసెసరే చేయాలి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఏ రూటర్‌కైనా లెక్కలోది కాదు, కానీ డౌన్‌లోడ్ వందలలో ఉంటే పాత సింగిల్ కోర్ రూటర్లు తట్టుకోలేవు. డౌన్‌లోడ్ పరీక్ష నడుస్తుండగా `top` చూడండి. `idle` సున్నాకి దగ్గరగా, `sirq` బాగా ఎక్కువగా ఉండి, వేగం మీరు పెట్టిన అంకె కంటే చాలా కిందే ఆగిపోతే ప్రాసెసర్ చాలడం లేదు. అలాంటప్పుడు `download` ని `0` చేయండి, ఆ దిశలో షేపింగ్ ఆగిపోతుంది. మీ ఇబ్బంది అప్‌లోడ్‌ది కాబట్టి అసలు మేలు ఎక్కడికీ పోదు.

డౌన్‌లోడ్ వైపు ఎస్‌క్యూఎం అప్‌లోడ్ అంత కచ్చితంగా పనిచేయదు, ముందే తెలుసుకోవడం మంచిది. అప్‌లోడ్‌లో ఇరుకు దారికి ముందు నిలబడేది మనం. డౌన్‌లోడ్‌లో ఇరుకు దారి దాటి వచ్చిన ప్యాకెట్లే మన చేతికి వస్తాయి, కొన్నింటిని ఆలస్యం చేసి, పారేసి, అవతలి సర్వర్‌ని పరోక్షంగా తగ్గేలా చేయాలి. అందుకే మిగులు ఎక్కువ ఉంచాలి, నేను 85 నుంచి 90 శాతం మధ్య పెడతాను.

వైఫై సంగతి విడిగా చూడాలి. కేబుల్ మీద పింగ్ 16, అదే సమయంలో దూరపు గదిలో ఫోన్ మీద 150 వస్తుంటే, క్యూ వైఫై లోపల ఉంది. మీరు పెట్టిన షేపర్ దాన్ని చూడలేదు, ఎందుకంటే అక్కడ ఇరుకు దారి ప్రొవైడర్ లైన్ కాదు, గోడలు దాటి వచ్చే సిగ్నల్. లినక్స్‌లో ath9k, ath10k, mt76 డ్రైవర్లకు వైఫై క్యూలలోనే ఈ కోడెల్ పద్ధతి ఉంది, కాబట్టి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీకి రూటర్ కొనేటప్పుడు ఆ చిప్పులున్నది చూసుకుంటే చాలావరకు కలిసి వస్తుంది. కాల్ మాట్లాడే కంప్యూటర్‌కి కేబుల్ లాగగలిగితే అంతకంటే మేలు లేదు.

వేగం నిమిషానికోలా మారే లైన్లకు, అంటే 4జీ, 5జీ రూటర్ల లాంటి వాటికి, ఒకే అంకె పెట్టడం కుదరదు. ఎక్కువ పెడితే వేగం పడిన క్షణంలో క్యూ మోడెమ్‌లోకి వెళ్ళిపోతుంది, తక్కువ పెడితే మంచి సమయంలో సగం లైన్ వృథా. వాటికోసం `cake-autorate` అనే స్క్రిప్ట్ ఉంది, పింగ్‌ని చూస్తూ షేపర్ అంకెని తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మీది స్థిరమైన లైన్‌లా కనిపిస్తోంది, మీకు అది అక్కర్లేదు.

రూటర్ మార్చేదాకా ఆగలేకపోతే, బ్యాకప్ యాప్‌లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే సెట్టింగ్ ఉందేమో చూసి 12 ఎంబీపీఎస్ దగ్గర పెట్టండి. ఒక్క యాప్ వరకు అది కూడా క్యూని నిండనివ్వదు. రెండో ఫోన్ బ్యాకప్ మొదలుపెట్టగానే సరిపోదు, అంతే తేడా.

ఒకవేళ ఎప్పుడైనా ప్రొవైడర్ లైన్ వేగం మారిస్తే ఈ అంకెలు తిరిగి చూడాలి. వేగం పెరిగినా మీ షేపర్ పాత 18500 దగ్గరే ఆపుతుంది, కొత్త ప్లాన్ పనిచేయడం లేదని మీరు ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తారు. వేగం తగ్గితే ఉన్నట్టుండి పింగ్ మళ్ళీ వందల్లోకి వెళుతుంది. రెండు సందర్భాల్లోనూ ఎస్‌క్యూఎం ఆపి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి, కొత్త అంకెలో 90 శాతం దగ్గర నుంచి మళ్ళీ ఐదు వందలు ఐదు వందలుగా ఎక్కండి.